ఇంట్లో బీపీ సరిగ్గా చూసుకోవడం ఎలా? ఏ అంకె వస్తే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి?

రాత్రి భోజనాలయ్యాక తల కాస్త తిరిగినట్టు అనిపిస్తుంది. మంచం అంచున కూర్చుని, చేతికి పట్టీ చుట్టి బటన్ నొక్కుతారు. 158 వస్తుంది. కంగారుగా మళ్లీ నొక్కితే 164. పక్కనుంచి ఇంకెవరో "ఆ చేతికి కాదు, ఈ చేతికి చూడు" అంటారు. ఈసారి 161. ఇక ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. రెండు రోజుల తర్వాత డాక్టరు దగ్గర 138 వస్తుంది. "ఈ మెషిన్ దండగ" అని తేల్చేసి దాన్ని అటకెక్కిస్తారు.

చాలాసార్లు తప్పు మెషిన్‌ది కాదు. మంచం అంచున వీపుకి ఆసరా లేదు, చెయ్యి ఒళ్లో ఉంది, తిని లేచిన వెంటనే, మాట్లాడుతూ చూశారు. వీటిలో ప్రతి ఒక్కటీ అంకెను కాస్త కాస్త జరుపుతుంది. అన్నీ కలిస్తే మామూలు బీపీ కూడా ఎక్కువ బీపీలా కనిపిస్తుంది. అందుకే ఇంట్లో బీపీ చూసుకునేటప్పుడు బటన్ నొక్కడం కంటే దానికి ముందు అరగంట ఏం చేస్తామన్నదే ముఖ్యం.

ముందు టేపు తీసుకోండి, మెషిన్ తర్వాత

మెషిన్ విషయంలో ఒక్కటే పట్టింపు పెట్టుకోండి. మోచేతి పైన, కండ చుట్టూ పట్టీ కట్టే ఆటోమేటిక్ మెషిన్ తీసుకోండి. మణికట్టుకి కట్టేవి చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ చెయ్యి కాస్త కిందికి పైకి అయినా వాటి లెక్క మారిపోతుంది. వేలికి పెట్టేవాటి జోలికి అసలు వెళ్లొద్దు. మోడల్ పరీక్షకు నిలిచిందో లేదో చూసుకోవాలంటే stridebp.org లో పేరు వెతకొచ్చు.

మెడికల్ షాపులో మెషిన్ బ్రాండ్ గురించి అడిగేవాళ్లు పట్టీ సైజు గురించి అడగరు. పెట్టెలో వచ్చే పట్టీ మామూలుగా 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి సరిపోతుంది. మీ చెయ్యి అంతకంటే లావైతే ఆ పట్టీతో వచ్చే బీపీ నిజం కంటే ఎక్కువగా కనిపిస్తుంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2023లో దీన్ని కొలిచి చూశారు. పెద్ద పట్టీ కావాల్సినవాళ్లకి మామూలు పట్టీ కడితే పై అంకె దాదాపు 5 పాయింట్లు పెరిగింది. మరీ పెద్ద పట్టీ కావాల్సినవాళ్లకైతే సుమారు 20 పాయింట్లు. అంటే నిజంగా 125 ఉన్న మనిషికి 145 కనబడి, అవసరం లేని మాత్ర మొదలయ్యే ప్రమాదం ఉందన్నమాట. చెయ్యి సన్నంగా ఉన్నవాళ్లకి పట్టీ పెద్దదైతే దీనికి ఎదురుగా జరుగుతుంది, బీపీ తక్కువ చూపిస్తుంది. బాగా చిక్కిపోయిన పెద్దవాళ్ల విషయంలో ఇది గుర్తుంచుకోవాలి.

కొలవడం తేలికే. బట్టలు కుట్టేవాళ్లు వాడే టేపు తీసుకోండి. చెయ్యి వదులుగా వేలాడేసి, భుజం ఎముక కొన నుంచి మోచేయి దాకా ఉన్న దూరానికి సరిగ్గా మధ్యలో టేపు చుట్టండి. బిగించొద్దు, చర్మానికి ఆని ఉంటే చాలు. 28 వచ్చిందనుకోండి, మామూలు పట్టీ సరిపోతుంది. 34 వస్తే 32 నుంచి 42 దాకా రాసి ఉన్న పెద్ద పట్టీ కావాలి. కొన్ని మెషిన్లతో 22 నుంచి 42 దాకా పనికొచ్చే పట్టీ వస్తుంది, అది కూడా సరే. ఈ అంకెలు పట్టీ మీదే అచ్చు వేసి ఉంటాయి. పట్టీ చుట్టాక దాని అంచున ఉన్న గీత, లోపల గుర్తు పెట్టిన హద్దు మధ్యలోనే పడాలి. హద్దు దాటితే సైజు తప్పు. విడిగా కొనేటప్పుడు అదే కంపెనీ, అదే మెషిన్‌కి సరిపడే పట్టీయే తీసుకోండి. గొట్టం దూరినంత మాత్రాన వేరే కంపెనీ పట్టీ సరైన లెక్క చూపించదు.

అరగంట ముందు నుంచే

కాఫీ, టీ, సిగరెట్, వాకింగ్, వ్యాయామం ఇవేవీ చివరి అరగంటలో ఉండకూడదు. మూత్రం వస్తున్నట్టుంటే ముందు వెళ్లొచ్చేయండి. నిండిన మూత్రాశయం ఒక్కటే బీపీని బాగా పెంచేస్తుంది, ముఖ్యంగా పొద్దున్నే లేవగానే చూసుకునేవాళ్లలో. మెట్లెక్కి వచ్చి, బజారు నుంచి సంచి దింపి, ఫోన్లో ఎవరితోనో వాదించి వెంటనే కూర్చుంటే వచ్చేది ఆ నిమిషపు బీపీ. మీ బీపీ కాదు.

తర్వాత కుర్చీలో కూర్చుని అయిదు నిమిషాలు ఊరికే ఉండండి. టీవీ కట్టేయండి. ఫోన్ పక్కన పెట్టేయండి. వాట్సాప్ చదవడం కూడా విశ్రాంతి కింద రాదు. మన ఇళ్లలో అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదేనని నా అభిప్రాయం. బీపీ చూస్తున్నారనగానే ఇల్లంతా చుట్టూ చేరి సలహాలిస్తుంది.

కూర్చునే తీరు

మంచం, దివాన్, మెత్తటి సోఫా, నేల మీద బాసింపట్టు ఇవేవీ వద్దు. డైనింగ్ టేబుల్, దాని కుర్చీ అయితే సరిగ్గా కుదురుతుంది. టేబుల్ లేని ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీ గోడకి దగ్గరగా వేసుకుని, పక్కన స్టూలు మీద దిళ్లు పేర్చుకున్నా సరిపోతుంది.

వీపు పూర్తిగా కుర్చీకి ఆనించండి. రెండు పాదాలూ నేలకి ఆనాలి. పొట్టివాళ్లయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకోండి. కాలు మీద కాలు వేసుకోవద్దు, అది కూడా అంకెను పెంచుతుంది.

ఇక చెయ్యి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పట్టీ మధ్యభాగం గుండె ఎత్తులో ఉండాలి. గుండె ఎత్తు అంటే సుమారుగా ఛాతీ ఎముక మధ్యలో. చెయ్యి దానికంటే కింద ఉంటే ఆ చేతిలోని రక్తపు బరువు కూడా కొలతలో కలిసిపోతుంది. ప్రతి సెంటీమీటరు కిందికీ ముప్పావు పాయింటు పైచిలుకు పెరుగుతుంది. సోఫాలో కూర్చుని ముందున్న పొట్టి టీపాయ్ మీద చెయ్యి పెడితే పట్టీ గుండె కంటే 15 సెంటీమీటర్లు కిందికి దిగిందనుకోండి, అంకె 11 పాయింట్లకి పైగా ఎక్కువ వస్తుంది. చెయ్యి మరీ ఎత్తులో ఉంటే అంతే తగ్గి కనబడుతుంది. జాన్స్ హాప్కిన్స్‌లోనే 2024లో చేసిన మరో పరిశీలనలో చెయ్యి ఒళ్లో పెట్టుకుంటే పై అంకె దాదాపు 4 పాయింట్లు, పక్కన వేలాడేస్తే ఆరున్నర పాయింట్లు ఎక్కువ వచ్చాయి.

ఎత్తు సరిపోవడం ఒక్కటే చాలదు, చెయ్యి బరువు మొత్తం టేబుల్ మీదో దిండు మీదో పడాలి. మీరే గాల్లో ఎత్తి పట్టుకుంటే కండ బిగుసుకుని బీపీ పెరుగుతుంది. అరచెయ్యి పైకి పెట్టి, వేళ్లు వదులుగా వదిలేయండి. పిడికిలి బిగించొద్దు.

పట్టీ చుట్టడం

పట్టీ చర్మానికే తగలాలి. పల్చటి బట్ట ఉంటే ఏమవుతుందిలే అని చొక్కా మీద చుట్టేస్తారు. చొక్కా చెయ్యి పైకి మడిచి బిగించడం ఇంకా ఘోరం. ఆ మడత తాడు కట్టినట్టు చేతిని నొక్కుతుంది. బిగుతు జాకెట్టు వేసుకునే ఆడవాళ్లకి ఇది రోజూ ఎదురయ్యే ఇబ్బందే. పొద్దున స్నానానికి ముందు వదులు నైటీలో ఉన్నప్పుడే చూసేసుకుంటే గొడవ ఉండదు.

మోచేయి మడత కంటే రెండు మూడు వేళ్లు పైన పట్టీ కింది అంచు రావాలి. గొట్టం చేతి లోపలివైపు, అరచేతి దిక్కుగా దిగాలి. ధమని కోసం పట్టీ మీద బాణం గుర్తు ఉంటే అది మోచేయి లోపలివైపు మధ్యకి వచ్చేలా తిప్పండి. చుట్టాక పట్టీ కిందికి రెండు వేళ్లు దూరాలి. మూడు దూరితే వదులు.

ఏ చెయ్యి? మొదటిరోజు రెండు చేతులకీ చూడండి. ఏ చేతికి ఎక్కువ వస్తే ఇకమీదట ఎప్పుడూ ఆ చేతికే. కొద్దిపాటి తేడా అందరికీ ఉంటుంది. ప్రతిసారీ పై అంకెలో 15కి మించిన తేడా కనబడితే మాత్రం డాక్టరుకి చెప్పండి, ఒక చేతి రక్తనాళం సన్నబడి ఉండొచ్చు. డయాలసిస్ కోసం ఫిస్టులా చేసిన చేతికి పట్టీ కట్టకూడదు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు తీసినవాళ్లు ఏ చేతికి చూడాలో తమ డాక్టరునే అడగాలి.

బటన్ నొక్కాక

మాట్లాడొద్దు. "ఎంతొచ్చింది?" అని అడిగేవాళ్లకి తల కూడా ఊపొద్దు. మాట్లాడితే పై అంకె సుమారు 10 పాయింట్లు పెరగడం మామూలే. పట్టీ గాలి వదిలేదాకా చెయ్యి కదపకుండా ఉండండి. తెర మీద SYS దగ్గర కనిపించేది పై అంకె, గుండె రక్తాన్ని నెట్టేటప్పటి ఒత్తిడి. DIA దగ్గర కనిపించేది కింది అంకె, రెండు కొట్టుకోవడాల మధ్య ఉండే ఒత్తిడి. మూడోది నాడి.

ఒక నిమిషం ఆగి రెండోసారి చూడండి. మొదటిది కాస్త ఎక్కువ రావడం సహజం. రెండూ రాసుకోండి. నచ్చినదాన్ని ఉంచి నచ్చనిదాన్ని కొట్టేయడం చాలా ఇళ్లలో జరుగుతుంది, అది మాత్రం చేయొద్దు. రెండుసార్లతో ఆపేయండి. తక్కువ వచ్చేదాకా నొక్కుతూ పోతే టెన్షన్‌తో పెరుగుతూనే ఉంటుంది.

తెర మీద గుండె కొట్టుకోవడం సక్రమంగా లేదన్న గుర్తు పదే పదే వస్తుంటే మూడుసార్లు చూసి సగటు తీసుకోండి. అలాంటివాళ్లలో ఈ మెషిన్ లెక్క అంత కచ్చితంగా ఉండదు. అసలు ఆ గుర్తు ఎందుకొస్తోందో తెలుసుకోవడానికి ఈసీజీ తీయించుకోవాలి.

ఎప్పుడెప్పుడు చూడాలి

రోజంతా కాదు. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు వారం రోజులు, లేదా మందు మార్చాక డాక్టరు చెప్పిన వారం, పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. పొద్దున అంటే లేచిన గంటలోపు, మూత్రానికి వెళ్లొచ్చాక, కాఫీకీ టిఫిన్‌కీ బీపీ మాత్రకీ ముందు. మాత్రకి ముందు ఎందుకంటే, నిన్న వేసుకున్న మాత్ర ఈరోజు పొద్దున దాకా పనిచేస్తోందా లేదా అన్నది అప్పుడే బయటపడుతుంది. సాయంత్రం అంటే రాత్రి భోజనానికి ముందు. రెండు పూటలా రోజూ ఒకే సమయానికి, అదే కుర్చీలో.

మొదటిరోజు లెక్కలోంచి తీసేస్తారు, ఆరోజు ఎవరికైనా కాస్త బెరుకు ఉంటుంది. మిగిలిన ఆరు రోజుల సగటే మీ బీపీ. వారం కుదరకపోతే కనీసం మూడు రోజులైనా చూడాలి.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. అరవై దాటిన రిటైర్డ్ టీచరుగారు ఒకరున్నారనుకోండి. మందులేవీ లేవు. క్లినిక్‌లో 156/94 వచ్చింది. "డాక్టర్‌ని చూస్తేనే నాకు పెరుగుతుంది, ఇంట్లో బాగానే ఉంటుంది" అన్నది ఆవిడ నమ్మకం. డాక్టరుగారు వారం రోజులు రాసుకురమ్మన్నారు. మొదటిరోజు సగటు 149/92. అది పక్కన పెట్టేశాం. తర్వాతి ఆరు రోజుల సగటులు ఇవి: 138/86, 134/84, 141/88, 133/82, 136/85, 140/85.

ఇందులో 141/88 వచ్చిన రోజుని కాస్త దగ్గరగా చూడండి. పొద్దున 136/85, 134/84. సాయంత్రం ఇంటికి చుట్టాలొచ్చారు, వాళ్లు వెళ్లగానే కూర్చుంటే 150/93, నిమిషం తర్వాత 144/90. ఆ 150 చూసి ఆవిడ భయపడ్డారు, అంతకుముందు రోజు వచ్చిన 134 చూసి సంతోషపడ్డారు. రెండిటికీ అర్థం లేదు. ఆరు రోజులవీ కూడి ఆరుతో భాగిస్తే 137/85 వచ్చింది. క్లినిక్‌లో కంటే పై అంకె 19 పాయింట్లు తక్కువ, ఆ మేరకు ఆవిడ చెప్పింది నిజమే. కానీ ఇంట్లో కూడా హద్దు దాటే ఉంది, కాబట్టి దీన్ని పూర్తిగా డాక్టరు భయం కింద కొట్టేయడానికి లేదు. ఇక మందు మొదలుపెట్టాలా, ఉప్పు తగ్గించి నడక పెంచి మూణ్నెల్లు చూడాలా అన్నది ఆవిడ షుగర్, కిడ్నీ, గుండె పరిస్థితి చూసి డాక్టరు తేల్చే విషయం.

ఏ అంకెకి ఏం చేయాలి

ఇంటి బీపీకి హద్దు 135/85. క్లినిక్‌లో వాడే 140/90 ఇక్కడ వర్తించదు, ఇంట్లో మనిషి నిమ్మళంగా ఉంటాడు కాబట్టి హద్దు కాస్త కింద పెట్టారు. వారం సగటులో పై అంకె 135 గానీ, కింది అంకె 85 గానీ చేరితే, రెండిట్లో ఏ ఒక్కటి చేరినా, బీపీ ఎక్కువ ఉన్నట్టే. అమెరికా డాక్టర్లు ఇంకా కిందికి వచ్చి 130/80 నుంచే లెక్కేస్తారు. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి డాక్టరు పెట్టే హద్దు వేరుగా ఉండొచ్చు, అదే పాటించండి. సగటు హద్దు దాటినా పరుగులక్కర్లేదు. ఆ కాగితం పట్టుకుని ఒకటి రెండు వారాల్లో వెళ్లండి. 160/100 పైన రోజుల తరబడి ఉంటే మాత్రం వాయిదా వేయకుండా ఆ వారంలోనే వెళ్లాలి.

180/120 చూస్తే ముందు లక్షణాల సంగతి చూసుకోండి. ఛాతీలో నొప్పి, ఊపిరి అందకపోవడం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పడం, మాట తడబడటం, చూపు మసకబారడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, అయోమయం, ఫిట్స్. పై అంకె 180 గానీ కింది అంకె 120 గానీ దాటి వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రెండోసారి చూడ్డానికి కూడా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. ఇంకో మాట, మూతి వంకర పోయి చెయ్యి పడిపోయిన మనిషికి బీపీ 140 వచ్చినా అది పక్షవాతమే కావచ్చు. అక్కడ మెషిన్ తీయడమే టైం దండగ.

లక్షణాలేవీ లేకుండా 180/120 వస్తే, కుర్చీలో సరిగ్గా కూర్చుని, అయిదు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. తగ్గితే రాసుకుని మర్నాడు మామూలుగా చూడండి. అలాగే ఉంటే అదే రోజు డాక్టరుతో మాట్లాడండి. ఈ మధ్యలో ఎవరి మాటో విని ఒక మాత్ర అదనంగా వేసుకోవడం, క్యాప్సూల్ చిదిమి నాలుక కింద వేయడం చేయొద్దు. ఒకప్పుడు ఆసుపత్రుల్లో కూడా అలా చేసేవారు. బీపీ ఒక్కసారిగా పడిపోయి పక్షవాతం, గుండెపోటు వచ్చిన ఉదంతాలు ఉండటంతో మానేశారు.

గర్భిణులకి లెక్క వేరు. కాసేపాగి రెండోసారి చూసినా 140/90 వస్తే అదే రోజు డాక్టరుకి చెప్పాలి. 160/110 వస్తే, ఒంట్లో ఏమీ లేకపోయినా, నేరుగా ఆసుపత్రికే. తలనొప్పి, కళ్ల ముందు మిణుకులు, పక్కటెముకల కింద నొప్పి ఉంటే అంకె అంత దాకా పోకపోయినా ఆగకూడదు. వీళ్లు వాడే మెషిన్ గర్భిణుల మీద విడిగా పరీక్షించినదై ఉండాలి.

తక్కువ బీపీ సంగతికొస్తే, ఎప్పుడూ 95/60 ఉండి హాయిగా పనిచేసుకునేవాళ్లకి దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. బీపీ మాత్ర వేసుకునే పెద్దవాళ్లు లేచి నిలబడగానే తూలితే మాత్రం ఇలా చూడండి. కూర్చోబెట్టి అయిదు నిమిషాలయ్యాక ఒకసారి, లేచి నిలబడిన నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకి ఇంకోసారి. నిలబడినప్పుడు కూడా చెయ్యి గుండె ఎత్తులోనే ఉండాలి, పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే ఆ మూడు కొలతలూ రాసి డాక్టరుకి చూపించండి. మాత్ర మోతాదో, వేసుకునే సమయమో మార్చాల్సి రావచ్చు. అడగకుండా మీరే ఆపేయొద్దు.

డాక్టరు దగ్గరికి ఏడాదికోసారైనా మెషిన్ కూడా పట్టుకెళ్లి, వాళ్ల మెషిన్‌తో పక్కపక్కన చూడమనండి. అయిదు పాయింట్ల లోపు తేడా ఉంటే సరిపోతుంది. పది దాటిన తేడా ప్రతిసారీ కనిపిస్తుంటే ముందు బ్యాటరీలు మార్చి, గొట్టంలో చీలిక ఉందేమో చూడండి. అవి బాగున్నా తేడా పోకపోతే కొత్త మెషిన్ కొనుక్కోవాల్సిందే.